ఒక్క పాత పరికరం వస్తే అందరి వై-ఫై ఎందుకు నెమ్మదిస్తుంది?

ఒక తరగతి గదిలో ఒక వై-ఫై రౌటర్ ఉందనుకుందాం. ముగ్గురు విద్యార్థులు తమ లాప్‌టాప్‌లలో పాఠం డౌన్‌లోడ్ చేసుకుంటున్నారు. అంతా చకచకా సాగుతోంది. ఇంతలో నాలుగో విద్యార్థి, ఇంట్లో అన్నయ్య వాడి పక్కన పెట్టిన పాత లాప్‌టాప్ తెచ్చుకుని గది చివర బల్ల దగ్గర కూర్చుని, అదే పాఠం డౌన్‌లోడ్ చేయడం మొదలుపెట్టాడు. క్షణాల్లో మిగిలిన ముగ్గురి తెరల మీద కూడా డౌన్‌లోడ్ దాదాపు ఆగిపోయినట్టయింది.

ఇలా జరిగినప్పుడు సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. "ఇంటర్నెట్ లైను బాగాలేదు" అన్నది మొదటిది. "పాత పరికరం కలిస్తే రౌటర్ మొత్తం ఆ పాత వేగానికి దిగిపోతుంది" అన్నది రెండోది. ఇక్కడ ఈ రెండూ సరైనవి కావు. ఇంటర్నెట్ లైను ఎప్పటిలాగే ఉంది. రౌటర్ కూడా కొత్త లాప్‌టాప్‌లతో కొత్త వేగంతోనే మాట్లాడుతోంది. తరిగిపోయింది వేగం కాదు, సమయం. ఆ సమయం ఎలా పోతుందో, ఎంత పోతుందో, దాన్ని ఎలా కాపాడుకోవచ్చో ఈ వ్యాసంలో లెక్క కట్టి చూద్దాం. పాత పరికరం ఉన్న విద్యార్థికి అన్యాయం చేయకుండానే మిగిలిన వారి సమయాన్ని తిరిగి తెచ్చుకోవచ్చని చివరికి తేలుతుంది.

గాలి ఒక్కటే, మాట్లాడేది ఒక్కరే

వై-ఫైలో సమాచారం రేడియో తరంగాల ద్వారా వెళుతుంది. ఒక ఛానల్ మీద ఒక సమయంలో ఒక్క పరికరమే ప్రసారం చేయాలి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు మాటలూ కలగాపులగమై ఎవరికీ అర్థం కావు. అందుకే ప్రతి పరికరమూ మాట్లాడే ముందు చెవి ఒగ్గి వింటుంది. ఛానల్ ఖాళీగా ఉంటే కొద్దిపాటి సమయం ఆగి, అప్పటికీ ఖాళీగానే ఉంటే తన ప్యాకెట్ పంపుతుంది. ఎంతసేపు ఆగాలన్నది ప్రతిసారీ చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా నిర్ణయమవుతుంది. కాబట్టి కొంతసేపు గమనిస్తే, పంపడానికి ఏదో ఒకటి ఉన్న పరికరాలన్నిటికీ దాదాపు సమానమైన వంతులు దక్కుతాయి.

వినడానికి ఇది చాలా న్యాయంగా ఉంది. కాని ఇందులో ఒక మెలిక ఉంది. సమానంగా పంచుతున్నది వంతులను మాత్రమే. ఒక్కో వంతు ఎంతసేపు సాగాలన్న దానికి సమాన కొలత లేదు.

వీధి కుళాయి దగ్గర వరుసను తలచుకోండి. వంతుకు ఒక్క బిందె నింపుకోవాలన్నది అక్కడి నియమం. ముగ్గురి బిందెలకు మూతి వెడల్పు. కుళాయి పూర్తిగా తిప్పితే నిమిషంలో నిండిపోతాయి. నాలుగో మనిషి బిందె కూడా అంతే నీళ్లు పడుతుంది, కాని దాని మూతి బాగా సన్నం. కుళాయిని సన్నని ధారగా తిప్పి పట్టుకోవాలి, అది నిండటానికి అరగంట పడుతుంది. నియమం ప్రకారం ఎవరికీ అన్యాయం జరగలేదు, అందరికీ వంతుకు ఒక బిందె దక్కింది. కాని వరుస ఒక చుట్టు తిరగడానికి ఇప్పుడు అరగంట దాటుతోంది. వెడల్పు మూతి బిందెలవాళ్లు కూడా అరగంటకు ఒక్క బిందెతోనే ఇంటికి వెళుతున్నారు.

వై-ఫైలో ఆ కుళాయి కింద గడిచే సమయాన్ని 'ఎయిర్‌టైమ్' అంటారు. గాలిలో ఒక ప్రసారం ఆక్రమించుకున్న సమయమని అర్థం.

లెక్క వేసి చూద్దాం

ఇప్పుడు మన తరగతి గదికి అంకెలు పెడదాం. ముగ్గురి లాప్‌టాప్‌లు సెకనుకు 54 మెగాబిట్ల వేగంతో రౌటర్‌తో కలిశాయి. పాత లాప్‌టాప్ 1 మెగాబిట్ వేగంతో కలిసింది. ఒక్కో ప్యాకెట్‌లో 1500 బైట్లు, అంటే 12,000 బిట్లు ఉన్నాయి. ప్యాకెట్ల మధ్య ఆగే సమయాన్నీ, అందినట్టు తిరిగి పంపే రసీదు సమయాన్నీ ప్రస్తుతానికి వదిలేద్దాం. అవి కూడా కలిపితే అసలు వేగాలు ఇంకా తగ్గుతాయి గాని, మనం చూడబోయే తేడా తీరు మారదు.

12,000 బిట్లు పంపడానికి 54 మెగాబిట్ల వేగంలో సుమారు 222 మైక్రోసెకన్లు పడుతుంది. మైక్రోసెకను అంటే సెకనులో పదిలక్షో వంతు. అదే ప్యాకెట్‌కు 1 మెగాబిట్ వేగంలో 12,000 మైక్రోసెకన్లు పడుతుంది. ఒకదానికి మరొకటి 54 రెట్లు.

నాలుగు పరికరాలూ వేగమైనవే అయితే ఒక చుట్టుకు 888 మైక్రోసెకన్లు చాలు. ఒక్కొక్కరికి సెకనుకు 13.5 మెగాబిట్లు వస్తాయి. నాలుగోది పాతదైతే ఒక చుట్టుకు మూడు 222లు, ఒక 12,000 కలిపి దాదాపు 12,667 మైక్రోసెకన్లు పడుతుంది. ఈ చుట్టులో ఒక్కొక్కరికి ఒక ప్యాకెట్ మాత్రమే దక్కింది. అంటే ప్రతి ఒక్కరి వేగమూ సెకనుకు సుమారు 0.95 మెగాబిట్లు. 13.5 ఎక్కడ, 0.95 ఎక్కడ! వేగమైన మూడు పరికరాలూ నెమ్మదైన దానికంటే కాస్త కిందికే దిగిపోయాయి. గాలిలోని మొత్తం సమయంలో నూటికి 95 వంతులు పాత లాప్‌టాప్ ఒక్కదానికే ఖర్చవుతున్నాయి.

ఈ తీరును 2003లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు మార్టిన్ హ్యూస్, ఆంజేయ్ దూదా, వారి సహచరులు ఒక పరిశోధన పత్రంలో లెక్కలతోనూ ప్రయోగాలతోనూ చూపించారు. అప్పట్లో వాడుకలో ఉన్న 802.11బి నెట్‌వర్క్‌లో ఒక్క పరికరం నెమ్మదిగా పంపినా, మిగిలినవన్నీ దాని స్థాయికి దిగివస్తాయని వారు నిరూపించారు. దీనికి వారు పెట్టిన పేరుకు తెలుగులో 'పనితీరులో అసంగతి' అని చెప్పుకోవచ్చు. ఇది యంత్రం పాడవడం వల్ల వచ్చేది కాదు. నియమాన్ని అందరూ సక్రమంగా పాటించడం వల్లే వస్తుంది.

డౌన్‌లోడ్‌లో ఎక్కువగా మాట్లాడేది రౌటరే కదా, విద్యార్థుల లాప్‌టాప్‌లు కాదు కదా అని సందేహం రావచ్చు. నిజమే. కాని రౌటర్ కూడా తన దగ్గరకు వచ్చిన ప్యాకెట్లను వరుసలో పెట్టి, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చొప్పున పంపుతూ పోతే లెక్క మళ్లీ ఇదే. పాత లాప్‌టాప్‌కు చేరాల్సిన ప్యాకెట్‌ను అది నెమ్మదిగానే చెప్పాలి. అది పూర్తయ్యేవరకు వెనకనున్న ప్యాకెట్లు ఆగాలి.

పాతది ఎందుకు అంత నెమ్మది?

వై-ఫై ప్రమాణాలు కాలక్రమంలో మారుతూ వచ్చాయి. 1997లో వచ్చిన మొదటి ప్రమాణంలో 1, 2 మెగాబిట్ల వేగాలు ఉండేవి. 1999లో వచ్చిన 802.11బి దాన్ని 11కు పెంచింది. 2003లో 802.11జి వచ్చి 54కు చేర్చింది. 2009లోని 802.11ఎన్, ఆ తరవాతివి ఇంకా చాలా ముందుకు వెళ్లాయి. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో కొత్తవి వచ్చినా పాతవాటిని వదిలిపెట్టలేదు. అందుకే ఇరవై ఏళ్ల కిందటి కార్డు కూడా నేటి రౌటర్లు చాలావాటితో ఇప్పటికీ కలవగలుగుతుంది.

అయితే వయసు ఒక్కటే కారణం కాదు. ప్రతి పరికరానికీ కొన్ని వేగాల మెట్లు ఉంటాయి. రౌటర్ దగ్గరలో ఉండి సంకేతం బలంగా ఉంటే పై మెట్టు మీద మాట్లాడుతుంది. ప్యాకెట్లు చేరకపోతుంటే ఒక్కో మెట్టూ దిగుతుంది. దూరాన ఉన్నవారితో మాట్లాడేటప్పుడు మనం ఒక్కో మాటను సాగదీసి, స్పష్టంగా పలుకుతాం కదా, ఇదీ అంతే. ఒకే సమాచారాన్ని ఎక్కువ సమయం తీసుకుని చెబితే గోడల అవతలికి కూడా చేరుతుంది. కాబట్టి పాత 802.11బి కార్డు రౌటర్ పక్కనే ఉంటే 11 మెగాబిట్ల వేగం అందుకోవచ్చు, గది చివరకు వెళితే 1కి పడిపోవచ్చు. 802.11జి కార్డు కూడా దూరం పెరిగితే పాత మెట్ల మీదికి, 1 వరకూ దిగగలదు. అంటే నిన్న కొన్న ఫోన్ అయినా రెండు గోడల అవతల ఉంటే తాత్కాలికంగా 'పాత పరికరం' లాగే ప్రవర్తిస్తుంది.

ఈ తేడా ఎంతటిదో మన లెక్కలోనే చూడవచ్చు. ఆ పాత లాప్‌టాప్‌ను గది చివరి నుంచి తీసుకొచ్చి రౌటర్ దగ్గర కూర్చోబెడితే అది 11 మెగాబిట్ల వేగానికి ఎక్కిందనుకుందాం. అప్పుడు దాని వంతుకు 1,091 మైక్రోసెకన్లే పడుతుంది. అందరి వేగమూ 0.95 నుంచి 6.8 మెగాబిట్లకు పెరుగుతుంది. పైసా ఖర్చు లేకుండా, బల్ల మారినందుకే ఏడు రెట్లు.

కొత్త ప్రమాణాల పరికరాలతో లెక్క కొంత మారుతుందని కూడా చెప్పుకోవాలి. 802.11ఎన్ నుంచి ఒక పరికరం తన వంతులో చాలా ప్యాకెట్లను ఒక మూటగా కట్టి పంపగలదు. వంతుకు ఒక బిందె కాక ఇరవై బిందెలు నింపుకున్నట్టు. దానివల్ల కొత్త పరికరాల మీద పడే దెబ్బ తగ్గుతుంది. కాని పాత పరికరం తన ఒక్క బిందెకు తీసుకునే సమయం అంతే ఉంటుంది కనుక దెబ్బ పూర్తిగా పోదు.

మాట్లాడకపోయినా పడే భారం

పాత పరికరం కేవలం కలిసి ఉండి, ఏమీ డౌన్‌లోడ్ చేయకపోతే? అప్పుడు అది తీసుకునే ఎయిర్‌టైమ్ చాలా తక్కువ. కాని రెండు చిన్న ఖర్చులు మిగిలే ఉంటాయి.

మొదటిది భాషకు సంబంధించినది. 802.11జి వాడే కొత్త పద్ధతి 802.11బి కార్డుకు అర్థం కాదు. పక్కన ప్రసారం జరుగుతున్నా అది గుర్తించలేక, ఖాళీ అనుకుని మధ్యలో మాట్లాడేయవచ్చు. అందుకని ఒక 802.11బి కార్డు నెట్‌వర్క్‌లో చేరగానే, మిగిలినవి ప్రతి ప్యాకెట్‌కు ముందు పాత భాషలో ఒక చిన్న ప్రకటన చేస్తాయి: "రాబోయే ఇంత సమయం నాది, ఎవరూ మాట్లాడవద్దు" అని. ఆ ప్రకటనను 1 మెగాబిట్ వేగంతో చేస్తే, దాని ముందుమాటతో కలిపి దాదాపు 300 మైక్రోసెకన్లు పడుతుంది. అసలు ప్యాకెట్‌కు పట్టేదే 222 అని పైన చూశాం. పిండి కంటే జల్లెడ బరువైనట్టు!

రెండోది రౌటర్ చాటింపు. "నేనున్నాను, నా పేరు ఇది" అని రౌటర్ సెకనుకు దాదాపు పదిసార్లు ప్రకటిస్తుంది. ఇది అందరికీ అర్థం కావాలి కాబట్టి తాను అనుమతించే అతి తక్కువ వేగంలో పలుకుతుంది. చాటింపు 250 బైట్లు ఉందనుకుంటే 1 మెగాబిట్ వేగంలో సుమారు 2.2 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే మొత్తం సమయంలో నూటికి 2 వంతులు. ఒక్కటే అయితే పెద్ద నష్టమేమీ కాదు. కాని ఒకే ఛానల్ మీద మూడు రౌటర్లు, ఒక్కోదానిలో సిబ్బందికి, విద్యార్థులకు, అతిథులకు, కెమెరాలకు అంటూ నాలుగేసి పేర్లు పెడితే చాటింపులు పన్నెండవుతాయి. ఎవరూ ఏమీ చూడకముందే గాలిలో పావు వంతు సమయం చాటింపులకే పోతుంది.

సమాన వంతులా, సమాన సమయమా?

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. పాత పరికరాన్ని బయటికి పంపేయడమే దారా? మన పాఠశాలల్లో పాత పరికరం అంటే తరచుగా కొత్తది కొనలేని ఇంటి విద్యార్థి చేతిలోని పరికరం. దాన్ని తీసేస్తే మిగిలిన వారికి వేగం వస్తుంది గాని, ఆ విద్యార్థికి పాఠమే పోతుంది. అందుకే పంచే కొలతను మార్చి చూద్దాం. వంతులకు బదులు సమయాన్ని సమానంగా పంచుదాం. కుళాయి దగ్గర ఒక్కొక్కరికి ఒక బిందె అని కాకుండా ఒక్కొక్కరికి ఇన్ని నిమిషాలు అన్నట్టు.

నలుగురికీ తలా పావు వంతు సమయం ఇస్తే, వేగమైన ఒక్కోదానికి 54లో పావు వంతు, అంటే 13.5 మెగాబిట్లు వస్తాయి. పాతదానికి 1లో పావు వంతు, అంటే 0.25 మెగాబిట్లు. ఇంతకుముందు దానికి 0.95 వచ్చేది. చూడగానే ఇది పాత పరికరానికి శిక్షలా కనిపిస్తుంది.

కాని మన నలుగురు విద్యార్థులూ చేస్తున్న పనిని గుర్తుచేసుకోండి. ఒక్కొక్కరూ 10 మెగాబైట్ల పాఠం దించుకోవాలి. అంటే తలా 80 మెగాబిట్లు. సమాన వంతుల పద్ధతిలో అందరి వేగమూ 0.95 కనుక, నలుగురికీ పాఠం దిగడానికి సుమారు 84 సెకన్లు పడుతుంది. సమాన సమయం పద్ధతిలో ముగ్గురికి 13.5 వేగంతో 6 సెకన్లలోనే దిగిపోతుంది. ఆ తరవాత వారికి గాలితో పనిలేదు. ఆ ఆరు సెకన్లలో పాత లాప్‌టాప్‌కు 1.5 మెగాబిట్లే చేరాయి. కాని ఏడో సెకను నుంచి గాలి మొత్తం దానిదే. మిగిలిన 78.5 మెగాబిట్లు 1 మెగాబిట్ వేగంతో 78.5 సెకన్లలో దిగుతాయి. మొత్తం కూడితే దానికి పట్టినది సుమారు 84 సెకన్లు!

అంటే పాత లాప్‌టాప్ ఉన్న విద్యార్థి ఒక్క సెకను కూడా నష్టపోలేదు. మిగిలిన ముగ్గురూ 84 సెకన్లకు బదులు 6 సెకన్లలో పని ముగించుకున్నారు. ఒకరి నుంచి లాక్కుని మరొకరికి ఇచ్చిందేమీ లేదు. వృథాగా వరుసలో నిలబడిన సమయమే మిగిలింది.

2004లో అమెరికాలోని ఎమ్‌ఐటీకి చెందిన గాడ్‌ఫ్రీ టాన్, జాన్ గుట్టాగ్ ఈ సమాన సమయం పద్ధతిని ప్రతిపాదిస్తూ ఒక మంచి కొలబద్ద చూపించారు. నెట్‌వర్క్‌లోని అందరూ నీలాంటి పరికరాలతోనే ఉంటే నీకు ఎంత వేగం వచ్చేదో, రకరకాల పరికరాలు కలిసినప్పుడు కూడా నీకు అంతే రావాలి. నలుగురూ పాత లాప్‌టాప్‌లు వాడుతుంటే ఒక్కొక్కరికి వచ్చేది 0.25 మెగాబిట్లే. నలుగురూ కొత్తవి వాడుతుంటే 13.5. సరిగ్గా అవే అంకెలు పైన వచ్చాయి. ఎవరి నెమ్మది భారం వారిదే అవుతుంది, పక్కవారి మీద పడదు.

ఈ పద్ధతికి 'ఎయిర్‌టైమ్ ఫెయిర్‌నెస్' అని పేరు. 2017లో టోకె హోయ్‌లాండ్-యోర్గెన్‌సెన్, ఆయన సహచరులు దీన్ని లినక్స్‌లో అమలు చేసి చూపించారు. లినక్స్ మీద నడిచే రౌటర్లలో కొన్ని వై-ఫై చిప్‌లకు ఇది ఇప్పుడు అందుబాటులో ఉంది. కొన్ని కంపెనీల రౌటర్లలో అదే పేరుతో ఒక మీట కనిపిస్తుంది.

దీనికి హద్దులు కూడా ఉన్నాయి. రౌటర్ తాను పంపే ప్యాకెట్లనే సమయం ప్రకారం పంచగలదు. పాత లాప్‌టాప్ పెద్ద ఫైల్‌ను అప్‌లోడ్ చేస్తుంటే, ఎప్పుడు మాట్లాడాలో అదే నిర్ణయించుకుంటుంది, రౌటర్ దాని నోరు నేరుగా మూయలేదు. రెండో హద్దు పని స్వభావానికి సంబంధించినది. ఫైల్ దించుకోవడం ఎప్పుడో ఒకప్పుడు ముగుస్తుంది కనుక పాత పరికరానికి నష్టం లేదు. కాని నలుగురూ గంటసేపు ఆపకుండా వీడియో పాఠం చూస్తుంటే గాలి ఎప్పటికీ ఖాళీ కాదు. అప్పుడు 0.25 మెగాబిట్లలో పాత లాప్‌టాప్‌కు బొమ్మ సరిగ్గా రాదు. అలాంటి చోట దానికి వేరే ఏర్పాటు చేయాలి.

ఎలా కనిపెట్టాలి?

ముందుగా తప్పు లైనులో ఉందో గాలిలో ఉందో తేల్చుకోవాలి. వై-ఫై నత్తనడక నడుస్తున్న సమయంలోనే ఒక కంప్యూటర్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపి వేగం చూడండి. కేబుల్ మీద వేగం బాగా ఉండి వై-ఫై మీద లేకపోతే లోపం గాలిలో ఉన్నట్టు. రెండూ నెమ్మదిగా ఉంటే ముందు లైను సంగతి చూడాలి.

తరవాత విండోస్ ఉన్న లాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ ఆదేశం ఇవ్వండి.

```
netsh wlan show interfaces
```

వచ్చే వరుసలలో మనకు కావలసినవి ఇలా ఉంటాయి.

```
Radio type             : 802.11g
Channel                : 6
Receive rate (Mbps)    : 1
Transmit rate (Mbps)   : 1
Signal                 : 38%
```

మొదటి వరుస ఏ ప్రమాణంతో కలిసిందో చెబుతుంది. మూడు, నాలుగు వరుసలు ఆ క్షణాన ఏ మెట్టు మీద మాట్లాడుతోందో చెబుతాయి. ఈ అంకెలు క్షణక్షణం మారుతుంటాయి కాబట్టి ఏదైనా డౌన్‌లోడ్ జరుగుతుండగా నాలుగైదు సార్లు చూడాలి. ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే మోసపోతాం. లినక్స్ మీద నడిచే రౌటర్‌లో అయితే కలిసిన పరికరాలన్నిటి వేగాలనూ ఒకే చోట చూడవచ్చు. ఇక్కడ `wlan0` అన్నది ఆ రౌటర్‌లోని వై-ఫై భాగం పేరు, మీ రౌటర్‌లో వేరే పేరు ఉండవచ్చు.

```
iw dev wlan0 station dump
```

అనుమానం ఉన్న పరికరం దొరికాక ఒక చిన్న ప్రయోగంతో నిర్ధారించుకోవచ్చు. వేగమైన లాప్‌టాప్‌ను ఒకే చోట ఉంచి మూడుసార్లు వేగం కొలవండి: పాత పరికరం గది చివర డౌన్‌లోడ్ చేస్తుండగా ఒకసారి, అది రౌటర్ పక్కన డౌన్‌లోడ్ చేస్తుండగా ఒకసారి, అది పూర్తిగా ఆపేసి ఉండగా ఒకసారి. పాతదాన్ని దగ్గరకు జరిపినందుకే మీ వేగం పెరిగితే కారణం ఎయిర్‌టైమే. కదిపినా, ఆపినా తేడా లేకపోతే ఆ పరికరం మీద నింద వేయకూడదు. పక్క రౌటర్ అదే ఛానల్ మీద ఉందేమో చూడాలి.

ఏం చేయాలి?

అన్నిటికంటే మేలైన మందు కేబుల్. కదలని కంప్యూటర్, ప్రింటర్ వంటివాటికి వై-ఫై అవసరం లేదు. కేబుల్ మీదికి మారగానే పాత కంప్యూటర్ గాలిలోంచి పూర్తిగా తప్పుకుంటుంది, దాని వేగం కూడా పెరుగుతుంది. కేబుల్ వీలుకానప్పుడు పాత పరికరాన్ని రౌటర్‌కు దగ్గరగా కూర్చోబెట్టాలి. ఆ ఒక్క మార్పు ఎంత తెస్తుందో పైన చూశాం.

రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ పట్టీ ఉంటే కొత్త పరికరాలను అక్కడికి పంపాలి. అది వేరే గాలి కిందే లెక్క. 802.11బి అక్కడ అసలు లేదు, ఆ పట్టీలో సాధారణంగా అతి తక్కువ వేగమే 6 మెగాబిట్లు. పాతవి 2.4లో తమ దారిన తాము పనిచేసుకుంటాయి, ఒకరి వంతు కోసం మరొకరు ఆగరు.

అన్నీ 2.4లోనే ఉండక తప్పనప్పుడు 802.11బి వేగాలను రౌటర్‌లో ఆపేయవచ్చు. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ నడిచే రౌటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ రేడియో `radio0` అయితే ఆదేశాలు ఇవి.

```
uci set wireless.radio0.legacy_rates='0'
uci commit wireless
wifi reload
```

అప్పుడు అతి తక్కువ మెట్టు 6 మెగాబిట్లు అవుతుంది. గది చివరనున్న 802.11జి కార్డు 1 బదులు 6 దగ్గర నిలబడగలిగితే, మన లెక్కలో అందరి వేగమూ 0.95 నుంచి 4.5 మెగాబిట్లకు చేరుతుంది. చాటింపుల ఖర్చూ బాగా తగ్గుతుంది. అయితే ఇది చేసే ముందు రెండు విషయాలు చూసుకోవాలి. 802.11బి మాత్రమే తెలిసిన కార్డు ఆ తరవాత రౌటర్‌తో కలవలేదు. అలాగే 1 మెగాబిట్ వేగంతో ఎలాగో వేలాడుతున్న దూరపు పరికరాలకు సంబంధం తెగిపోవచ్చు. కాబట్టి ముందు ఎవరెవరు ఏ మెట్టు మీద ఉన్నారో జాబితా రాసుకుని, తెగిపోయే వారికి కేబుల్‌నో దగ్గరి బల్లనో చూపించి, ఆ తరవాతే ఈ ఆదేశాలు ఇవ్వాలి. రౌటర్‌లో ఎయిర్‌టైమ్ ఫెయిర్‌నెస్ మీట ఉంటే మాత్రం ఎవరినీ తెంచనక్కరలేదు. దాన్ని వేసి, పైన చెప్పిన మూడు కొలతలను మళ్లీ తీసుకుంటే ఫలితం మీకే తెలుస్తుంది.